చక్రం ప్రకారమే వేసినా రంగులు ఎందుకు కుదరవు? హ్యూ, వాల్యూ, సాచురేషన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కోరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో తీరిక వేళల్లో అక్రిలిక్, పోస్టర్ రంగులతో బొమ్మలు వేసే తెలుగువాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలన్నీ ఇక్కడి కొండల నుంచి, పొలాల నుంచే తీసుకున్నాం. అన్నిటికంటే పెద్ద జవాబు వలిసె పొలం బొమ్మది. తొందరలో ఉన్నవాళ్ళు ముందు అది చదవండి.

చక్రంలో ఎదురెదురుగా ఉన్న రంగులే తీసుకున్నాను. అయినా బొమ్మ ఎందుకు కుదరలేదు?

రంగుల చక్రం చెప్పేది ఒక్క సంగతే. పసుపుకు ఎదురు ఊదా, ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ అంటుంది. ఆ ఊదా ఎంత లేతగా ఉండాలో, ఆ పసుపు ఎంత నిండుగా ఉండాలో చెప్పదు. రంగు పేరు హ్యూ, లేత ముదురుల కొలత వాల్యూ, రంగు నిండుదనం సాచురేషన్ అనుకుంటే, చక్రం మొదటిదాన్ని మాత్రమే చూపించి మిగతా రెండూ మీకే వదిలేస్తుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. చక్రం మీద ప్రతి రంగునూ దాని పూర్తి నిండుదనంతో అచ్చు వేస్తారు. కానీ రంగులన్నీ ఒకే వాల్యూ దగ్గర నిండుగా ఉండవు. అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రకటించిన పద్ధతిలో నలుపు 0, తెలుపు 10. ఆ కొలతలో పసుపు 8 దగ్గర బాగా నిండుగా ఉంటుంది. నీలి ఊదా 3, 4 దగ్గరే నిండుగా ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ నడిమధ్యన దగ్గర దగ్గరగా ఉంటాయి. అంటే చక్రం నుంచి పసుపు, ఊదా తీసుకున్నవాళ్ళు తెలియకుండానే వాల్యూలో పెద్ద అగాధాన్ని కూడా తెచ్చుకున్నారు. ఎరుపు, ఆకుపచ్చ తీసుకున్నవాళ్ళు వాల్యూ తేడా దాదాపు లేకుండా చేసుకున్నారు. మొదటి బొమ్మలో అంచు కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. రెండోదాంట్లో అంచు కళ్ళముందు అదురుతుంది. జతను ఎంచుకోవడంలో ఏ తప్పూ లేదు, మిగతా రెండు కొలతలూ చూసుకోలేదంతే.

ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపట్టడం ఎలా?

మన మాట దగ్గరే తడబాటు మొదలవుతుంది. "ముదురు రంగు" అని నలుపుకు దగ్గరైన రంగునీ అంటాం, బాగా నిండుగా కొట్టొచ్చే రంగునీ అంటాం. బట్టల కొట్లో ఇబ్బంది ఉండదు గానీ ప్యాలెట్ మీద రెండూ వేరు. వంకాయ తొక్క ముదురు, కానీ నిండైన రంగు కాదు. బంతిపువ్వు నిండైన రంగు, కానీ ముదురు కాదు. ఈ పేజీలో "ముదురు" అంటే నలుపు వైపు ఉన్నదని, "నిండు" అంటే సాచురేషన్ ఎక్కువని మాత్రమే అర్థం.

వెలిసిన చీర సాచురేషన్ పోయిన చీర. సాయంత్రం అదే చీర నీడలో ఉంటే వాల్యూ తగ్గింది. రెండు సందర్భాల్లోనూ హ్యూ దాదాపు అదే. ఒక రంగు తేడాగా కనిపించినప్పుడు "ఏ రంగు కలపాలి?" అనే ముందు మూడు ప్రశ్నలు వరసగా వేసుకోండి. ఇది ఉండాల్సినదానికంటే ముదురా, లేతా? ఉండాల్సినదానికంటే నిండా, వెలిసిందా? ఈ రెండూ సరే అనుకున్నాకే, వేరే రంగు వైపు వాలిందా? చాలాసార్లు మూడో ప్రశ్న దాకా వెళ్ళక్కర్లేదు.

మూడింటిలో ముందు దేన్ని సరిచేయాలి?

వాల్యూని. ఆకారం, దూరం, ఎండ ఎటు నుంచి పడుతోంది అన్నవి కన్ను వాల్యూ నుంచే గ్రహిస్తుంది. వాల్యూలు సరిగ్గా ఉన్న బొమ్మలో కొండను గులాబీ రంగులో వేసినా అది కొండలాగే కనిపిస్తుంది. వాల్యూలు తప్పితే అచ్చంగా కొండ రంగే వేసినా అట్టముక్క నిలబెట్టినట్టుంటుంది. తరువాత సాచురేషన్. హ్యూ చివర.

వాల్యూని చేత్తో కొలవడం ఎలా?

పది మెట్ల స్కేలు చేయమని చాలాచోట్ల రాస్తారు. కొత్తవాళ్ళకు ఐదు మెట్లు చాలు. మీరు బొమ్మలకు వాడే కాగితం మీదే, మీరు వాడే తెలుపు, నలుపులతోనే చేయండి.

రెండంగుళాల వెడల్పున్న పట్టీని ఐదు గళ్ళుగా గీసి 1, 3, 5, 7, 9 అని అంకెలు వేయండి. 1 దగ్గర దాదాపు నలుపు, 9 దగ్గర దాదాపు తెలుపు పూయండి. తరువాత 5. ఇక్కడే అందరూ తప్పుతారు. నలుపు, తెలుపు సమపాళ్ళలో కలిపితే నడిమి బూడిద రంగు రాదు, చాలా ముదురుగా వస్తుంది. నలుపుకి అంత బలం. కాబట్టి తెలుపు కుప్ప పెట్టుకుని, అగ్గిపుల్ల మొనతో కొద్దికొద్దిగా నలుపు చేరుస్తూ వెళ్ళండి. 1 నుంచి ఎంత దూరమో 9 నుంచి కూడా అంతే దూరం అనిపించిన చోట ఆగండి. అది 5. దానికీ 9కీ మధ్యన 7, దానికీ 1కీ మధ్యన 3. పూర్తిగా ఆరాక చూసి, తేడా ఉన్న గడిని మళ్ళీ పూయండి.

ఆరిన పట్టీలో ప్రతి గడికీ ఆఫీసు పంచింగ్ మెషీన్‌తో ఒక రంధ్రం కొట్టండి. పట్టీని బొమ్మ మీద పెట్టి, రంధ్రంలోంచి కనిపించే రంగును చుట్టూ ఉన్న బూడిద రంగుతో పోల్చండి. కళ్ళు సగం మూసి చూస్తే రంధ్రం ఏ గడిలో దాదాపు మాయమవుతుందో అదే ఆ రంగు వాల్యూ. రెండు గళ్ళకీ మధ్యన అనిపిస్తే వాటి మధ్య అంకె వేసుకోండి. పసుపుకి మొదట్లో నమ్మబుద్ధి కాదు. నిండైన పసుపు 8 దాకా వెళుతుందంటే చాలామంది ఇంత లేతా అని ఆశ్చర్యపోతారు. నిండుదనాన్ని ముదురుదనంగా పొరబడడం మన కంటికి అలవాటు.

ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేస్తే చాలదా?

చాలు, కానీ ముందు మీ యాప్‌ను పరీక్షించాలి. కొన్ని యాప్‌లలో సాచురేషన్‌ను సున్నాకి లాగితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో పెద్దదానికీ చిన్నదానికీ సగటు తీసి బూడిద రంగు ఇస్తాయి. ఆ లెక్కలో నిండు పసుపు `#FFFF00`, నిండు నీలం `#0000FF` రెండూ ఒకే బూడిదగా వస్తాయి. మన కన్ను అలా చూడదు. కంటి లెక్కకు దగ్గరైన సూత్రం ఇది:

```
Y = 0.2126 R + 0.7152 G + 0.0722 B
```

ఇక్కడ R, G, B తెర మీద వెలువడే అసలు వెలుగు పాళ్ళు, సున్నా నుంచి ఒకటి దాకా. దీని ప్రకారం పసుపు వెలుగు 0.93, నీలం వెలుగు 0.07. ఫోన్‌లో సగం నిండు పసుపు, సగం నిండు నీలం ఉన్న బొమ్మ చేసి, మీరు వాడే మీట లాగి చూడండి. పసుపు దాదాపు తెల్లగా, నీలం బాగా ముదురుగా మారితే ఆ మీటను నమ్మవచ్చు. రెండూ ఒకటే అయితే అది వాల్యూ చూడడానికి పనికిరాదు. అదే యాప్‌లో మోనో లాంటి ఫిల్టర్ ఉంటే దాన్ని కూడా ఇలాగే పరీక్షించండి.

కోరాపుట్ కొండల ముందు వలిసె పొలం వేశాను. పసుపు, ఊదా సరైన జతే కదా, మరి ప్లాస్టిక్ పూలలా ఎందుకుంది?

ఒడియాలో అలసి అనే వలిసె పూసే రోజుల్లో ఈ బొమ్మ వేయని వాళ్ళుండరు. తప్పు కూడా అందరిదీ ఒకటే. ట్యూబులోంచి తీసిన లెమన్ ఎల్లో పొలమంతా పరిచేస్తారు. వెనక దేవమాలి వైపు కొండకి ట్యూబులోని ఊదా పూస్తారు. పూల మధ్య నీడలకి అదే పసుపులో కాస్త నలుపు కలుపుతారు.

పంచ్ చేసిన పట్టీ పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. పొలం ఈ చివర నుంచి ఆ చివర దాకా 8. కొండ 2. ఆకాశం 9. బొమ్మలో అన్నిటికంటే పెద్ద వాల్యూ తేడా ఎక్కడుంది? కొండ అంచు మీద. కన్ను నేరుగా అక్కడికే పోతుంది, మైళ్ళ దూరంలో ఉండాల్సిన కొండ ముందుకొచ్చి నిలబడుతుంది. నిజంగా పొలం గట్టు మీద నిలబడి పట్టీ పట్టుకుని చూస్తే, ఎండలో ఆ కొండ 5, 6 మధ్య ఉంటుంది, రంగు కూడా వెలిసినట్టుంటుంది. మధ్యలో ఉన్న గాలి చెదరగొట్టిన వెలుగు కొండ మీద తెర కట్టినట్టు చేరి ముదురును లేత చేస్తుంది, నిండుదనాన్ని తగ్గిస్తుంది, నీలం వైపు లాగుతుంది.

సరిచేయడానికి ముందు కొండను పట్టుకోండి. బఠాణీ గింజంత ముద్దను ఒక పాలు అనుకుంటే, టైటానియం వైట్ 6 పాళ్ళు, అల్ట్రామెరైన్ బ్లూ 1 పాలు, క్రిమ్సన్ పావు పాలు, బర్న్ట్ సియెన్నా పావు పాలు. క్రిమ్సన్ ఊదా వైపు తిప్పుతుంది, సియెన్నా నిండుదనాన్ని చంపుతుంది. కంపెనీని బట్టి రంగుల బలం మారుతుంది కాబట్టి ఈ పాళ్ళు మొదలుపెట్టడానికే. కొద్దిగా ఒక చీటీ మీద పూసి, ఆరాక పట్టీతో పోల్చండి. 5 కంటే ముదురుగా ఉంటే తెలుపు, ఇంకా నిండుగా ఉంటే పుల్ల మొనంత సియెన్నా కలపండి. ఈ రంగు ప్యాలెట్ మీద బూడిదలా, చప్పగా కనిపిస్తుంది. భయపడొద్దు. పసుపు పక్కన పెట్టగానే అది చక్కటి ఊదాగా మారుతుంది. ఎందుకో కింద షెవ్రెల్ గురించి చెప్పిన చోట చూడండి.

తరువాత పొలం. దాన్ని ఒకే పసుపుగా కాకుండా మూడు పట్టీలుగా చూడండి. దూరపు పట్టీకి ఎల్లో ఓకర్ 1, తెలుపు 3, దాంట్లో కొండ రంగు పావు పాలు. మధ్య పట్టీకి లెమన్ ఎల్లో 2, ఓకర్ 1, తెలుపు 1. దగ్గరి పట్టీలో పూల మీద మాత్రమే లెమన్ ఎల్లో ఏమీ కలపకుండా వాడండి. అది కూడా బొమ్మ మొత్తంలో ఐదో వంతు మించకుండా, కన్ను ఆగాలని మీరు కోరుకునే చోట. మూడు పట్టీలకీ వాల్యూ తేడా కొంచెమే, 7 నుంచి 8 లోపు. మారేది ముఖ్యంగా నిండుదనం. ఎండలో పరుచుకున్న పొలానికి లోతు ఇచ్చేది అదే.

పూల మధ్య నీడలకి ఓకర్ 2, బర్న్ట్ సియెన్నా 1, అల్ట్రామెరైన్ పుల్ల మొనంత. ఇది 4, 5 దగ్గర, వెచ్చగా వస్తుంది. పసుపులో నలుపు కలిపిన ముద్ద ఉంటే పారేయకండి, వలిసె కాడలకీ ఆకులకీ అది సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు మళ్ళీ బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. పెద్ద తేడా కొండ అంచు నుంచి కిందకి, దగ్గరి పూలకీ వాటి నీడలకీ మధ్యకి దిగి ఉండాలి. ఇంకా కొండ దగ్గరే ఉంటే కొండకి మరో పూత లేత రంగు పూయండి, పొలాన్ని ముట్టుకోకండి. ఒకేసారి రెండూ మారిస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తెలియదు.

పసుపులో నలుపు కలిపితే ఆకుపచ్చ ఎందుకొస్తుంది?

మామూలు నలుపులు చాలావరకు తెలుపు కలిపితే నీలం వైపు వాలతాయి. పసుపులో అవి బలహీనమైన నీలంలా పనిచేస్తాయి. ముదురు పసుపు కావాలంటే ఓకర్, సియెన్నా మెట్ల మీదుగా దిగండి. అలా దిగుతూ పోతే అది గోధుమ రంగు అవుతుంది. గోధుమ రంగంటే ముదురైన నారింజ, ముదురైన పసుపే. చక్రం మీద దానికి వేరే చోటు లేకపోవడానికి కారణం అదే.

ఎర్రమట్టి దారి ఎప్పుడూ టమాటా రసం పోసినట్టు వస్తుంది. ఏం చేయాలి?

ట్యూబు ఎరుపు వాడకండి. ఇక్కడి ఎర్రమట్టి నిండుదనం తగ్గిన నారింజ. బర్న్ట్ సియెన్నా 2, ఓకర్ 1, తెలుపు 1 కలిపితే ఎండలో ఉన్న దారి వస్తుంది. చెట్టు నీడ పడిన చోట అదే ముద్దలో తెలుపు మానేసి కాస్త అల్ట్రామెరైన్ కలపండి. పక్కనే ఆకుపచ్చ ఉంటుంది కాబట్టి, మీరు వేసినదానికంటే దారి ఎర్రగానే కనిపిస్తుంది.

నిండుదనం తగ్గించడానికి తెలుపా, బూడిదా, ఎదురు రంగా?

తెలుపు నిండుదనాన్ని తగ్గిస్తూ వాల్యూని పైకి లాగుతుంది, రంగును చల్లబరుస్తుంది. ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ వచ్చేది అందుకే. లేత చేయడం కూడా మీకు అవసరమైతేనే వాడండి.

ఎదురు రంగు నిండుదనాన్ని బాగా చంపుతుంది, కానీ వాల్యూని తన వైపు లాగుతుంది. పసుపులో ఊదా కలిపితే పసుపు ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. పైగా ఎదురు రంగు అచ్చంగా ఎదురుగా లేకపోతే, ముద్ద ఆకుపచ్చకో గోధుమకో తిరుగుతుంది. ఎదురు రంగు వాడినా మురికిగా వచ్చిందనే ఫిర్యాదు వెనక సాధారణంగా ఇదే ఉంటుంది.

నిండుదనం ఒక్కటే తగ్గాలి, వాల్యూ కదలకూడదు అనుకుంటే, మీ రంగు వాల్యూకి సరిపోయే బూడిద రంగు విడిగా చేసుకుని కలపండి. 5 వాల్యూ ఎరుపుకి 5 వాల్యూ బూడిద. ఇందాకటి పట్టీ ఉంటే ఇది రెండు నిమిషాల పని. కాస్త హ్యూ జరిగితే, చక్రంలో మొదటి రంగు పక్కనున్న రంగును పుల్ల మొనంత చేర్చి సరిచేయండి. కొత్తవాళ్ళకు మేము చెప్పేది ఈ దారే.

ప్యాలెట్ మీద సరిగ్గా ఉన్న రంగు కాగితం మీద పెట్టగానే ఎందుకు మారుతుంది?

పారిస్‌లోని గోబెలిన్స్ నేత కర్మాగారంలో అద్దకానికి పెద్దగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్‌కు ఇదే ఫిర్యాదు వచ్చింది. నీలం, ఊదా బట్టల్లో నేసిన నలుపు కళతప్పి ఉందన్నారు. ఆయన పరీక్షిస్తే అద్దకంలో దోషం లేదు, పక్కనున్న రంగు వల్ల నలుపు అలా కనిపిస్తోంది. 1839లో ఆయన దీని మీద పెద్ద పుస్తకమే వేశారు. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి. లేతది పక్కదాన్ని ముదురుగా చూపిస్తుంది, నిండైనది పక్కదాన్ని వెలిసినట్టు చూపిస్తుంది, పసుపు తన పక్కనున్న బూడిదను ఊదా వైపు నెడుతుంది.

బరంపురం పట్టుచీర కట్టుకున్న అమ్మాయి బొమ్మ వేసేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. చీర ఒంటి ఎరుపు, అంచు ఆకుపచ్చ, రెండూ 4 దగ్గర ఉంటే, దగ్గర నుంచి అంచు అదురుతుంది, నాలుగడుగులు వెనక్కి వెళితే కుంభాల వరస మొత్తం కలిసిపోతుంది. అంచుని 2కి దించండి, లేదా కుంభాల చుట్టూ జరీ గీతని 7 దగ్గర వేయండి. హ్యూ మార్చక్కర్లేదు.

తెల్ల ప్యాలెట్ మీద ప్రతి రంగూ నిజంకంటే ముదురుగా కనిపిస్తుంది. నడిమి బూడిద రంగు పూసిన అట్ట మీద గాజు పలక పెట్టి దాని మీద కలపండి. కాగితం కూడా తెల్లగా వదలకుండా మొదట పలుచగా ఓకర్ పూసుకుంటే మొదటి రంగు నుంచే కన్ను మోసపోదు.

ఆరాక రంగు మారిపోతోంది. నేను తప్పు కలిపానా?

కాదు. అక్రిలిక్‌లో రంగును పట్టి ఉంచే జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా ఉంటుంది, ఆరితే గాజులా తేటపడుతుంది. అందువల్ల రంగు ఆరాక ముదురవుతుంది. నీటిరంగు ఆరితే లేతబడుతుంది, నిండుదనమూ కొంత పోతుంది. పోస్టర్ రంగుల్లో లేత రంగులు ఆరాక కాస్త ముదురుగా, ముదురువి కాస్త లేతగా అవుతుంటాయి. అందుకే పట్టీతో పోల్చడం ఎప్పుడూ ఆరిన చీటీతోనే చేయాలి. తొందరైతే హెయిర్ డ్రయ్యర్ వాడండి.

రాత్రి బాగున్న బొమ్మ పొద్దున్నే తేడాగా ఎందుకుంటుంది?

పసుపు వెలుగిచ్చే బల్బు కింద తెలుపూ లేత పసుపూ దాదాపు ఒకటే అవుతాయి. పసుపు చాలలేదనుకుని ఇంకా ఇంకా కలుపుతారు, పొద్దున ఎండలో అది కేకలు పెడుతుంది. నీలాలు అదే బల్బు కింద చచ్చినట్టుంటాయి కాబట్టి వాటినీ ఎక్కువ వేస్తారు. బల్బు కొనేటప్పుడు డబ్బా మీద రంగు ఉష్ణోగ్రత 5000 నుంచి 6500 కెల్విన్‌ల మధ్య ఉందో లేదో చూడండి. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే సి.ఆర్.ఐ. అనే అంకె 90 పైన ఉన్నది దొరికితే అదే తీసుకోండి. బొమ్మ మీదా, ప్యాలెట్ మీదా ఒకే దీపం పడాలి. అది కుదరని ఇంట్లో రాత్రిళ్ళు వాల్యూల పని మాత్రం చేసుకుని, పసుపులూ నీలాలూ కలపడం పగటి వెలుగుకి వదిలేయండి.